యోనాతాను తినకుండా లేచిన బల్ల

(నెల మొదటి ఆదివారం, సంస్కారపు ఆరాధనలో ఇచ్చిన ప్రసంగానికి రాతరూపం)

అందరికీ వందనాలు. కూర్చోండి. వెనక గుమ్మం దగ్గర నిలబడ్డ తమ్ముళ్ళు ముందుకు రండి, ఈ పక్క చాపలు ఖాళీగానే ఉన్నాయి.

ఈ రోజు మొదటి ఆదివారం. తెల్లగుడ్డ కప్పిన బల్ల మీ కళ్ళెదురుగా ఉంది. ఆ బల్ల దగ్గరికి వెళ్ళే ముందు ఇంకో బల్ల గురించి మాట్లాడదామనుకున్నాను. ఒక ఇంట్లో అందరూ అన్నానికి కూర్చున్నప్పుడు జరిగిన గొడవ అది. బైబిళ్ళు తీయండి, మొదటి సమూయేలు 20వ అధ్యాయం. ఫోన్లో చదివేవాళ్ళు సైలెంట్‌లో పెట్టుకోండి. పోయిన వారం ప్రార్థన మధ్యలో ఎవరిదో మోగిందని నేను విసుక్కున్నాను. తీరా చూస్తే అది నాదే.

దావీదు, యోనాతాను అనగానే మనకు సండేస్కూల్ బొమ్మ గుర్తొస్తుంది. ఒకే ఈడు కుర్రాళ్ళు ఇద్దరు, భుజాల మీద చేతులేసుకుని నవ్వుతుంటారు. నేనూ చాలా ఏళ్ళు అలాగే అనుకున్నాను. ఒకరోజు ఎందుకో కాగితం మీద లెక్క వేసి చూశాను. సౌలు చనిపోయాక ఆయన కొడుకు ఇష్బోషెతు రాజయ్యాడు, అప్పటికి అతనికి 40 ఏళ్ళని రెండో సమూయేలు 2వ అధ్యాయంలో ఉంది. దాదాపు అదే సమయంలో దావీదు హెబ్రోనులో రాజయ్యాడు, అతనికి 30 ఏళ్ళని 5వ అధ్యాయంలో ఉంది. సౌలు కొడుకుల పేర్లు చెప్పిన ప్రతిచోటా యోనాతాను పేరే ముందు వస్తుంది. సింహాసనం అతనిదేనని తండ్రే అంటాడు. కాబట్టి అతనే పెద్దకొడుకు అనుకోవాలి. అంటే దావీదు కంటే యోనాతాను పదేళ్ళు దాటే పెద్ద. దావీదు ఇంకా గొర్రెలు కాసుకునే రోజుల్లోనే యోనాతాను చేతికింద వెయ్యిమంది సైనికులున్నారు. మిక్మషు కనుమలో తన ఆయుధాలు మోసే కుర్రాణ్ణి ఒక్కణ్ణే వెంటబెట్టుకుని, చేతులతో పాకుతూ బండ ఎక్కి, ఫిలిష్తీయుల కావలిదండు మీద పడ్డ మనిషి అతను.

అంటే ఇది ఇద్దరు కుర్రాళ్ళ చెలిమి కాదు. పేరుమోసిన యువరాజు, నిన్నగాక మొన్న పేరొచ్చిన పల్లెటూరి కుర్రాడు. మామూలుగా ఇలాంటి చోట పుట్టేది అసూయ. ఆఫీసులో పదేళ్ళ సర్వీసున్న మనిషి, నిన్న చేరిన కుర్రాణ్ణి మేనేజరు అందరి ముందు మెచ్చుకుంటే ఏమంటాడు? పైకి ‘బాగా చేశావు తమ్ముడూ’ అంటాడు. క్యాంటీన్లో ఏమంటాడో మీకు తెలుసు.

గొల్యాతు తల చేత్తో పట్టుకుని దావీదు సౌలు ముందు నిలబడ్డ రోజున యోనాతాను అక్కడే ఉన్నాడు. అతని ప్రాణం దావీదు ప్రాణంతో పెనవేసుకుపోయిందని వాక్యం చెబుతోంది. అప్పుడతను చేసిన పని చూడండి. తన దుప్పటి, కత్తి, విల్లు, నడికట్టు తీసి దావీదుకు ఇచ్చేశాడు. మన తెలుగు బైబిల్లో దుప్పటి అని ఉండేసరికి పిల్లలు పక్కమీది దుప్పటి అనుకుంటారు. అది రాజవంశీకులు పైన వేసుకునే నిలువుటంగీ. ఇక ఆ కత్తి సంగతి తెలియాలంటే 13వ అధ్యాయానికి వెళ్ళాలి. ఇశ్రాయేలు దేశంలో కమ్మరి లేకుండా చేశారు ఫిలిష్తీయులు. నాగటి కర్రుకు పదును పెట్టించుకోవాలన్నా రైతు శత్రువు ఊరికే పోవాలి. మిక్మషు యుద్ధం రోజున సైన్యం మొత్తంలో కత్తి ఉన్నది ఇద్దరి దగ్గరే. ఒకరు సౌలు, రెండోవాడు యోనాతాను. అలాంటి దేశంలో యువరాజు తన కత్తి తీసి ఇంకొకడి చేతిలో పెట్టాడు. అక్కడున్న సైనికులకు దాని అర్థం ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఆ తర్వాత సంగతులు మీకు తెలిసినవే, త్వరగా చెబుతాను. ఆడవాళ్ళు పాట కట్టారు, సౌలుకు వేలు, దావీదుకు పదివేలు అని. సౌలు కడుపు మండింది. ఈటె విసిరాడు. దావీదును చంపండని మనుషులతో చెప్పాడు. అప్పుడు యోనాతాను తండ్రిని పొలంలోకి తీసుకెళ్ళి, వాడు నీకు ఏ కీడూ చేయలేదు గదా, నిరపరాధిని ఎందుకు చంపుతావని నచ్చజెప్పాడు. సౌలు విన్నాడు. చంపనని దేవుని మీద ఒట్టు పెట్టాడు. ఆ ఒట్టు గుర్తుపెట్టుకోండి. కొన్నాళ్ళకే మళ్ళీ ఈటె లేచింది. దావీదు భార్య మీకాలు, అంటే సౌలు కూతురే, మొగుణ్ణి కిటికీలోంచి దించి పంపేసింది.

ఇప్పుడు మన అధ్యాయం. దావీదు పరుగెత్తుకుంటూ యోనాతాను దగ్గరికొచ్చాడు. నేనేం చేశాను, మీ నాన్న నన్నెందుకు చంపాలనుకుంటున్నాడు అని అడిగాడు. యోనాతాను మొదటి మాట ఏంటో తెలుసా? అలా జరగదు, మా నాన్న చిన్న పనైనా పెద్ద పనైనా నాకు చెప్పకుండా చేయడు అన్నాడు. నమ్మలేదు! ఈ మాట దగ్గర నేను ఎప్పుడూ ఆగిపోతాను. ప్రాణస్నేహితుడు ప్రాణభయంతో వచ్చి చెబితే, మా నాన్న అలాంటివాడు కాదన్నాడు. మనమూ ఇంతే. మన ఇంట్లోవాళ్ళు బయటివాళ్ళ పట్ల ఎలా ఉంటారో మనకు చివరికి గాని తెలియదు. దావీదు ఏమన్నాడు? నువ్వు బాధపడతావని మీ నాన్న నీకు చెప్పడం లేదు, నాకూ చావుకూ మధ్య అడుగు దూరమే ఉంది అన్నాడు. అప్పుడు యోనాతాను వాదించలేదు. నువ్వేం చేయమంటే అది చేస్తానన్నాడు. ఇంకా నమ్మకం కుదరలేదు, అయినా తేల్చుకోవడానికి ఒప్పుకున్నాడు.

మర్నాడు అమావాస్య. అమావాస్య అనగానే మన అమ్మమ్మలు ప్రయాణం వాయిదా వేస్తారు. వాళ్ళకు అది పండుగ. కొత్త నెల మొదలయ్యే రోజు, బలులర్పించి, రాజు బల్ల దగ్గర పెద్దలందరూ కలిసి భోంచేస్తారు. దావీదు రాజుకు అల్లుడు, సైన్యంలో అధిపతి, కాబట్టి అతనికీ అక్కడ ఒక స్థానం ఉంది. నేను రాను, పొలంలో దాక్కుంటాను, మీ నాన్న నా గురించి అడిగితే ఇంట్లో బలి ఉందని బేత్లెహేము వెళ్ళడానికి సెలవడిగాడని చెప్పు, సరేనంటే నాకు భయం లేదు, కోపం తెచ్చుకుంటే కీడు తలపెట్టాడని అర్థం. ఇదీ దావీదు చెప్పిన ఉపాయం.

‘అయ్యగారూ, ఇది అబద్ధం కదా’ అని పోయినసారి ఒక అమ్మాయి యూత్ మీటింగులో అడిగింది. అబద్ధమే అమ్మా. దావీదు బేత్లెహేములో లేడు, పొలంలో ఉన్నాడు. బైబిలు దాన్ని మెచ్చుకోలేదు, తప్పనీ అనలేదు, జరిగింది జరిగినట్టు రాసింది. నేనూ దానికి రంగులు వేయను. ఒక్కటి మాత్రం గమనించండి, ఆ అబద్ధానికి మూల్యం చెల్లించినవాడు దాన్ని చెప్పినవాడే.

బల్ల దగ్గరికి వెళ్ళే ముందు ఇద్దరూ పొలంలోకి వెళ్ళారు. అక్కడ యోనాతాను దావీదును ఒక మాట అడిగాడు. స్నేహం గురించి చెప్పే ప్రసంగాల్లో ఈ మాట ఎక్కువగా వినపడదు, అందుకే నిదానంగా చెబుతాను. నేను బతికుంటే నాకు దయ చూపించు, చనిపోతే నా సంతతికి దయ చూపడం ఎప్పటికీ మానొద్దు, యెహోవా నీ శత్రువులందరినీ లేకుండా చేసిన తర్వాత కూడా మానొద్దు అన్నాడు.

ఎందుకడిగాడు ఇలా? ఆ కాలంలో ఒక వంశం పోయి ఇంకో వంశం సింహాసనం ఎక్కితే, కొత్త రాజు మొదట చేసే పని పాతరాజు బిడ్డల్ని, మనవల్ని వెతికి చంపించడం. రాజుల గ్రంథాలు చదవండి, బయెషా యరొబాము ఇంట్లో ఒక్కణ్ణి కూడా మిగల్చలేదు, యెహూ అహాబు కొడుకులు 70 మందినీ చంపించాడు. అది అప్పటి రాజకీయం. యోనాతానుకు ఇది తెలుసు. తండ్రి తర్వాత తాను రాజు కాడని, దావీదే అవుతాడని కూడా ఆ సరికి అతనికి తెలిసిపోయింది. ప్రాణభయంతో పారిపోతున్న మనిషి దగ్గర, రేపు నువ్వు రాజువయ్యాక నా పిల్లల్ని చంపకు అని మాట తీసుకుంటున్నాడు. ఆ క్షణంలో అధికారం ఎవరి దగ్గరుంది? యోనాతాను దగ్గర. ఒక్క కేక వేస్తే దావీదు పని అయిపోతుంది. అయినా అడుగుతున్నది అతనే.

మన పొలం దస్తావేజుల్లో ఒక మాట ఉంటుంది, మీరూ చూసే ఉంటారు. ‘పుత్రపౌత్ర పారంపర్యంగా’ అని. యోనాతాను రాయించుకున్న నిబంధన అలాంటిది. కాగితం లేదు, సాక్షి సంతకాలు లేవు, దేవుడే సాక్షి. హెబ్రీలో అక్కడున్న మాట హెసెద్. మన అనువాదాల్లో అది ఒకచోట దయ, ఒకచోట కృప, ఇంకోచోట ఉపకారం అని కనిపిస్తుంది. మనసులో జాలి పుట్టినప్పుడు చూపించి, పుట్టనప్పుడు మానేసేది కాదు హెసెద్. మాట ఇచ్చాక ఆ మాటకు కట్టుబడి చూపించే దయ. అందుకే యోనాతాను ‘నన్ను మర్చిపోకు’ అని వదిలేయలేదు. ఎవరికి, ఎప్పటివరకు, ఎలాంటి పరిస్థితిలో అని విడివిడిగా చెప్పాడు. స్నేహితుల మధ్య ఇంత లెక్కేంటి అని మనకు అనిపిస్తుంది. ఈ లెక్క లేకే ఎన్ని స్నేహాలు వాళ్ళ పిల్లల కాలానికి కోర్టు గుమ్మం ఎక్కాయో మన ఊళ్ళోనే చూడొచ్చు.

సరే, అమావాస్య వచ్చింది. ఎవరు ఎక్కడ కూర్చున్నారో కూడా రాశాడు రచయిత. గోడ పక్కన రాజు. వీపు గోడకు ఆనించి కూర్చుంటే వెనకనుంచి ఎవరూ పొడవలేరు. పక్కన సేనాధిపతి అబ్నేరు. యోనాతాను అక్కడే ఉన్నాడు. దావీదు స్థలం ఖాళీ. మొదటి రోజు సౌలు ఏమీ అనలేదు. వాడికి ఏదో మైల తగిలి ఉంటుంది అనుకున్నాడు. అది ధర్మశాస్త్రం తెలిసిన ఆలోచనే. చాలా రకాల మైల ఆ సాయంత్రంతో తీరిపోతుంది. ఒక్కరోజు రాకపోతే అర్థముంది. రెండో రోజు కూడా ఆ స్థలం ఖాళీగా ఉండేసరికి అడిగాడు. దావీదు ఎక్కడ అనలేదు, యెష్షయి కొడుకు నిన్నా నేడూ భోజనానికి రాలేదేమని అడిగాడు. పేరు పలకలేదు చూశారా. మనకు గిట్టనివాణ్ణి మనమూ పేరుతో పిలవం, ‘ఆ సుబ్బయ్యగారబ్బాయి’ అంటాం.

యోనాతాను అనుకున్నట్టే చెప్పాడు. అంతే, సౌలు పేలిపోయాడు. కొడుకును తిట్టాడు, కొడుకును కన్న తల్లిని తిట్టాడు, అదీ పండుగ పూట, సేనాధిపతి ముందు. తర్వాత అసలు మాట బయటపడింది. వాడు బతికున్నంత కాలం నువ్వుగానీ నీ రాజ్యంగానీ నిలవదు, వాణ్ణి తెప్పించు, వాడు చావాలి అన్నాడు. నిజం చెప్పాలంటే సౌలు లెక్క తప్పు కాదు. రాజకీయంగా చూస్తే నూటికి నూరుపాళ్ళు నిజం. తండ్రి కొడుకు మేలు కోరే మాట్లాడుతున్నాడు. మీలో తండ్రులు ఎంతమంది ఈ మాట అనలేదు? ‘వాడితో తిరిగితే నువ్వు బాగుపడవురా’ అని.

యోనాతాను ఒక ప్రశ్న వేశాడు. వాడెందుకు చావాలి? వాడేం చేశాడు? పొలంలో తండ్రిని ఒప్పించినప్పుడు వేసిన ప్రశ్నే ఇది. అప్పుడు పనిచేసింది, సౌలు ఒట్టు కూడా పెట్టాడు. ఈసారి జవాబుగా ఈటె వచ్చింది. దావీదు మీద విసిరిన చెయ్యే సొంత కొడుకు మీద విసిరింది. యోనాతానుకు అప్పుడు అర్థమైంది, ‘మా నాన్న నాకు చెప్పకుండా ఏమీ చేయడు’ అన్న ఆ మనిషికి.

34వ వచనం చూడండి. యోనాతాను మండిపడి బల్ల దగ్గరనుంచి లేచాడు, ఆ రోజు ఏమీ తినలేదు. అన్నం ముందునుంచి లేవడం అంటే మనకు బాగా తెలుసు కదా. మన ఇళ్ళల్లో అంతకంటే పెద్ద మాట ఇంకోటి లేదు. నోరు తెరిచి ఏమీ అననక్కర్లేదు, కంచం ముందునుంచి లేస్తే చాలు, ఇల్లంతా నిశ్శబ్దమైపోతుంది. లేవడానికి కారణం కూడా వాక్యంలో ఉంది. తనమీద ఈటె వచ్చినందుకు అని లేదు. దావీదు కోసం దుఃఖపడ్డాడని, తన తండ్రి అవమానపరిచాడని ఉంది.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి, సిగ్గుగానే ఉంటుంది. పాతికేళ్ళ క్రితం మా బంధువుల ఇంట్లో పెళ్ళి. బంతిలో కూర్చున్నాం. మా వాళ్ళు నాకు బాగా కావలసిన ఒక స్నేహితుడి గురించి మొదలుపెట్టారు. అతను ఆ పెళ్ళికి రాలేదు. డబ్బు విషయంలో అతను మోసం చేశాడని ఒకాయన అన్నాడు. అది అబద్ధమని నాకు తెలుసు, ఆ లెక్కలు రాసింది నేనే. అందరూ నవ్వుతున్నారు. మా మామయ్య నావైపు చూసి, ‘నీకు తెలిసే ఉంటుందిగా’ అన్నాడు. నేనేం చేశానో తెలుసా? వడ్డించే అబ్బాయిని పిలిచి ఇంకొంచెం పప్పు వేయించుకున్నాను. అంతే. అబద్ధం చెప్పలేదు, నిజమూ చెప్పలేదు, పప్పు వేయించుకున్నాను. ఆ స్నేహితుడికి ఈ సంగతి నేటికీ తెలియదు, కలిసినప్పుడల్లా అన్నా అన్నా అంటాడు. ఈ 34వ వచనం చదివినప్పుడల్లా నాకు ఆ పప్పు గుర్తొస్తుంది.

తెల్లవారింది. యోనాతాను ఒక చిన్న కుర్రాణ్ణి వెంటబెట్టుకుని పొలానికి వెళ్ళాడు. దావీదు ఏసేలు బండ దగ్గర దాక్కుని ఉన్నాడు. గుర్తు ముందే అనుకున్నారు. బాణాలు నీకు ఇవతల ఉన్నాయని కుర్రాడితో అంటే భయం లేదు, అవతల ఉన్నాయంటే వెళ్ళిపో అని. కుర్రాడు పరుగెత్తుతుంటే యోనాతాను వాడిని దాటేలా బాణం వేశాడు. బాణం నీకు అవతల ఉంది కదా అని కేకేశాడు. ఆ వెంటనే ఇంకో కేక. తొందరగా వెళ్ళు, ఆలస్యం చేయకు, ఆగకు! కుర్రాడు తనతోనే అంటున్నాడనుకుని బాణాలు ఏరుకుని వచ్చాడు. ఆ కేక ఎవరికో మనకు తెలుసు.

అసలు పథకం ప్రకారం ఇంతటితో అయిపోవాలి. ఎవరైనా వెంబడిస్తారేమో, మాట్లాడడం కుదరదేమో అనే కదా ఈ బాణాల భాష పెట్టుకున్నారు. కానీ యోనాతాను ఆయుధాలు కుర్రాడికిచ్చి ఊళ్ళోకి పంపేశాడు. చుట్టూ ఎవరూ లేరు. దావీదు బండ చాటునుంచి వచ్చి, నేలమీద మూడుసార్లు సాగిలపడ్డాడు. ఇద్దరూ ఒకరినొకరు ముద్దుపెట్టుకుని ఏడ్చారు. దావీదు ఇంకా ఎక్కువ ఏడ్చాడట. ఇద్దరు యోధులు, ఇద్దరూ మనుషుల్ని చంపిన చేతులవాళ్ళు. మగవాడు ఏడవకూడదని మనం పిల్లలకు నేర్పుతాం. బైబిలు ఎవరు ఎక్కువ ఏడ్చారో కూడా రాసిపెట్టింది.

ఆ అధ్యాయం చివరి మాట ఏంటి? దావీదు లేచి వెళ్ళిపోయాడు, యోనాతాను పట్టణానికి తిరిగి వచ్చాడు.

తిరిగి వచ్చాడు. ఎక్కడికి? ఈటె విసిరిన తండ్రి ఇంటికి. కుర్రతనంలో నేను ఈ వచనం మీద గట్టిగా ప్రసంగించేవాణ్ణి. యోనాతానుకు విశ్వాసం చాలలేదని, రాజభోగం వదులుకోలేకపోయాడని, దావీదుతో పాటు గుహకు వెళ్ళి ఉంటే గిల్బోవ కొండమీద చచ్చేవాడు కాదని చెప్పేవాణ్ణి. ఇప్పుడు అలా చెప్పను. నా తండ్రి చివరి మూడేళ్ళు మంచంమీద ఉన్నాడు, అప్పటికి మతి కూడా సరిగా లేదు, తిట్టేవాడు, చేతికి ఏది దొరికితే అది విసిరేవాడు. ఆ మూడేళ్ళ తర్వాత నేను ఈ వచనాన్ని అలా చదవలేకపోయాను. యోనాతాను దావీదును తండ్రికి పట్టివ్వలేదు. తండ్రినీ దావీదు కోసం వదిలేయలేదు. తండ్రి మీద ఒక్కసారి కూడా కత్తి ఎత్తలేదు. అతని స్నేహం అంత నిజమైంది కాబట్టే దానికోసం తండ్రిని అమ్ముకోవలసిన అవసరం రాలేదని నా ఉద్దేశం. మీలో కొందరు ఒప్పుకోకపోవచ్చు, ఫర్లేదు.

వాళ్ళు ఇంకొక్కసారి కలిశారు, 23వ అధ్యాయంలో, జీఫు అరణ్యంలో. సౌలు సైన్యమంతా వెతికినా దొరకని దావీదును యోనాతాను వెతుక్కుంటూ వెళ్ళాడు. భయపడకు, నువ్వు రాజువవుతావు, నేను నీకు రెండోవాణ్ణిగా ఉంటాను అన్నాడు. మొదటి మాట నిజమైంది. రెండోది కాలేదు. గిల్బోవలో తండ్రితో, ఇద్దరు తమ్ముళ్ళతో పాటు యోనాతాను చనిపోయాడు.

ఇక రెండో బల్ల గురించి. ఇది నాకు ఇంకా కష్టమైన భాగం. గమనించారో లేదో, ఇంత కథలో యోనాతాను దావీదును ప్రేమించాడని మళ్ళీ మళ్ళీ వస్తుంది. దావీదు నోటినుంచి ఆ ప్రేమ మాట బయటికొచ్చింది యోనాతాను చనిపోయాకే, విలాపగీతంలో. నా సహోదరుడా, నీ ప్రేమ ఎంత వింతది అని ఏడుస్తాడు. ఆ పాటకు విల్లు పేరే పెట్టారు. మొదటి రోజు అతను తీసిచ్చింది విల్లు, చివరి కబురు చెప్పింది బాణం.

మరి పొలంలో ఇచ్చిన మాట సంగతి? యోనాతాను చనిపోయినప్పుడు అతని కొడుకు మెఫీబోషెతుకు 5 ఏళ్ళు. గిల్బోవ వార్త రాగానే దాది వాణ్ణి ఎత్తుకుని పరుగెత్తింది. తొందరలో వాడు కింద పడ్డాడు, రెండు కాళ్ళూ పోయాయి. దాది ఎవరికి భయపడి పరుగెత్తింది? ఫిలిష్తీయులకు కావచ్చు. కానీ పాతరాజు మనవణ్ణి కొత్తరాజు ఏం చేస్తాడో ఆమెకూ తెలుసు. ఆ పొలంలో ఏ మాట ఇచ్చిపుచ్చుకున్నారో ఆమెకు తెలియదు కదా.

ఆ పిల్లవాడు యొర్దానుకు అవతల లోదెబారు అనే చోట, మాకీరు అనే ఆయన ఇంట్లో పెరిగాడు. దావీదు హెబ్రోనులో ఏడేళ్ళ ఆరు నెలలు ఏలాడు. యెరూషలేము పట్టుకున్నాడు. మందసం తెచ్చాడు. యుద్ధాలు గెలిచాడు. అప్పుడు, రెండో సమూయేలు 9వ అధ్యాయంలో, యోనాతానును బట్టి నేను దయ చూపడానికి సౌలు ఇంట్లో ఎవరైనా మిగిలారా అని అడిగాడు. ఆ 5 ఏళ్ళ పిల్లవాడికి అప్పటికే పెళ్ళయి, మీకా అనే చిన్న కొడుకు కూడా ఉన్నాడు. పన్నెండు పదిహేనేళ్ళకు తక్కువ గడిచి ఉండదు. ఇన్నేళ్ళూ దావీదు ఏం చేస్తున్నాడు? యోనాతానుకు కొడుకున్నాడా లేడా అన్నది కూడా సీబా అనే పనివాణ్ణి పిలిచి అడిగి తెలుసుకోవలసి వచ్చింది. యోనాతాను తన వంతు మొత్తం ముందే కట్టేశాడు, దావీదు తన వంతు వాయిదాల మీద కట్టాడు, అదీ గడువు దాటాక. దేవుని హృదయానుసారుడు గదా అని నేను దీన్ని కప్పిపుచ్చను.

అయితే కట్టాడు. మెఫీబోషెతు వచ్చి సాగిలపడి, చచ్చిన కుక్కలాంటివాణ్ణి నన్నెందుకు తలచుకున్నావన్నాడు. భయపడకు అన్నాడు దావీదు. సౌలు పొలాలన్నీ తిరిగి ఇచ్చాడు, వాటిని సేద్యం చేయడానికి సీబాను, అతని 15 మంది కొడుకుల్ని, 20 మంది దాసుల్ని పెట్టాడు. రాజకుమారుల్లో ఒకడిలా నా బల్ల దగ్గర భోంచేస్తావన్నాడు. ఆ ఒక్క అధ్యాయంలోనే బల్ల మాట నాలుగుసార్లు వస్తుంది. తన స్థలం ఖాళీగా ఉన్న రోజున తన కోసం అన్నం మానేసి లేచినవాడి కొడుకును దావీదు తన బల్ల దగ్గర కూర్చోబెట్టుకున్నాడు. సౌలు వారసుణ్ణి కళ్ళముందు ఉంచుకోవడం రాజుకు మంచిదే కదా అని కొందరు పండితులంటారు. ఉండొచ్చు. మనిషి చేసే మంచిపనిలో స్వార్థం కలిసి ఉండడం కొత్తేమీ కాదు.

తర్వాత కూడా దావీదు ఒకసారి జారాడు. అబ్షాలోముకు భయపడి పారిపోతున్నప్పుడు, సీబా గాడిదలమీద 200 రొట్టెలు, ఎండు ద్రాక్ష, ద్రాక్షారసం వేసుకొచ్చి, మెఫీబోషెతు నీమీద తిరుగుబాటుకు ఆశపడుతున్నాడని చెబితే, విచారించకుండానే పొలాలన్నీ సీబాకు ఇచ్చేశాడు. తిరిగొచ్చాక చూస్తే ఆ కుంటివాడు అన్నాళ్ళూ గడ్డం కత్తిరించుకోలేదు, బట్టలు ఉతికించుకోలేదు. అప్పుడైనా న్యాయం పూర్తిగా చేయలేదు, చెరి సగం పంచుకోండన్నాడు. మెఫీబోషెతు ఏమన్నాడో వినండి. అంతా వాణ్ణే తీసుకోనీ, నా రాజు క్షేమంగా ఇంటికి వచ్చాడు, అంతే చాలు. చదువుతుంటే అనిపిస్తుంది, అది దావీదు బల్ల దగ్గర నేర్చుకున్న మాట కాదు, రక్తంలో వచ్చిన మాట అని. 5 ఏళ్ళప్పుడు పోయిన తండ్రి ముఖం కూడా వాడికి గుర్తుండి ఉండదు.

చివరికి 21వ అధ్యాయంలో, గిబియోనీయులు సౌలు సంతతిలో ఏడుగురిని చంపడానికి అడిగినప్పుడు, రాజు యోనాతానుతో పెట్టుకున్న ఒట్టును బట్టి మెఫీబోషెతును ఇవ్వలేదు. ఆ తర్వాత యాబేష్గిలాదుకు తానే వెళ్ళి, సౌలు ఎముకల్ని, యోనాతాను ఎముకల్ని తెచ్చి, బెన్యామీను దేశంలో సౌలు తండ్రి కీషు సమాధిలో పెట్టించాడు. తండ్రినీ కొడుకునీ విడదీయలేదు.

9వ అధ్యాయం చివరి వచనం ఒక్కటి చదివి ముగిస్తాను. మెఫీబోషెతు యెరూషలేములో ఉండి రోజూ రాజు బల్ల దగ్గర భోంచేసేవాడు. అతని రెండు కాళ్ళూ కుంటివి. అక్కడితో అధ్యాయం అయిపోయింది. కాళ్ళు బాగయ్యాయని లేదు. మరి ప్రతి పూటా అతన్ని బల్ల దగ్గరికి ఎవరో ఒకరు ఎత్తుకునే తీసుకొచ్చి ఉంటారు.

పెద్దలు ముందుకు రండి. ఆ గుడ్డ జాగ్రత్తగా మడిచి పక్కన పెట్టండి. వరసగా రండి, తొందరేమీ లేదు. మోకాళ్ళ నొప్పులున్న అమ్మలు, నడవలేని నాన్నలు ఉన్నచోటే కూర్చోండి. మేమే మీ దగ్గరికి తెస్తాం.